సర్కిల్ బ్యాక్ అంటే ఎవరు, ఎప్పుడు, ఏం చేస్తారు?

న్యూయార్క్‌లో ఉన్న మేనేజరు హైదరాబాద్ టీముకు ఒక మెయిల్ పంపాడనుకుందాం. అందులో ఇలా ఉంది: "హాయ్ టీమ్, జస్ట్ టచింగ్ బేస్ ఆన్ ద రిపోర్ట్స్ పేజ్. వి షుడ్ లెవరేజ్ ది ఎగ్జిస్టింగ్ కోడ్ అండ్ గో ఫర్ ద లో హ్యాంగింగ్ ఫ్రూట్ ఫస్ట్. ఐ డోంట్ హ్యావ్ బ్యాండ్‌విడ్త్ దిస్ వీక్, సో లెట్స్ టేక్ పేమెంట్స్ ఆఫ్‌లైన్ అండ్ సర్కిల్ బ్యాక్. ప్లీజ్ అలైన్ విత్ ఫైనాన్స్ బై ఈఓడీ ఫ్రైడే."

నాలుగే వాక్యాలు. ఐటీ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇలాంటివి రోజూ వచ్చేవే. రాసిన మేనేజరుకు అందులో అర్థం కానిది ఏమీ కనిపించదు. చదివిన కొత్త ఇంజనీరు మాత్రం పక్క సీటు వైపు తిరిగి, "అన్నా, పేమెంట్స్ ఆఫ్‌లైన్ అంటున్నాడు, సర్వర్ ఆపెయ్యమనా?" అని అడుగుతాడు. అతని ప్రశ్నలో తెలివితక్కువతనం ఏమీ లేదు. కాలేజీలోనూ ట్రైనింగ్‌లోనూ అతను నేర్చుకున్న అర్థం అదే. ఆఫ్‌లైన్ అంటే నెట్‌వర్క్ నుంచి తీసెయ్యడం. మేనేజరు ఉద్దేశం వేరు. పేమెంట్స్ సంగతి అందరి ముందూ వద్దు, మనం విడిగా మాట్లాడుకుందాం అని. పక్క సీటులో అన్న లేకపోతే, లేక అడగడానికి మొహమాటపడితే, ఆ ఒక్క మాట మీద డబ్బు లావాదేవీలు ఆగిపోయే అవకాశం నిజంగానే ఉంది.

ఆఫీసు ఇంగ్లీషులో ఇలాంటి మాటలను తీసేసి మామూలు మాటలు పెట్టాలని చెప్పే వాళ్లు చాలామంది ఉన్నారు. సాధారణంగా వాళ్లు ఇచ్చేది ఒక పట్టిక. ఎడమవైపు బరువైన మాట, కుడివైపు తేలిక మాట. ఆ పట్టికలు కొంతవరకు పనికొస్తాయి. కానీ ఇంగ్లీషు మాతృభాష కాని పాఠకుడి కోసం రాసేటప్పుడు అవి సగం దారిలోనే వదిలేస్తాయి. పై మెయిల్‌నే కాస్త దగ్గరగా చూస్తే ఎందుకో తెలుస్తుంది.

ముందు సర్కిల్ బ్యాక్ సంగతి. సర్కిల్ అంటే మనకు తెలుసు, బ్యాక్ అంటే తెలుసు. రెండూ కలిస్తే ఏమవుతుందో ఆ రెండు మాటల్లోనూ లేదు. డిక్షనరీలో విడివిడిగా చూసుకున్నవాడికి చుట్టూ తిరగడం, వెనక్కి రావడం అనే బొమ్మ కనిపిస్తుంది తప్ప పని కనిపించదు. టచ్ బేస్ ఇంకా ఇబ్బంది. అది బేస్‌బాల్ మైదానం నుంచి ఆఫీసుకు వచ్చింది. ఆ ఆట చూడని వాళ్లకు దాన్ని ఊహించే దారే లేదు. మనం ఒక అమెరికన్‌కు "క్లయింట్ బౌన్సర్ వేశాడు" అని రాస్తే అతను ఎలా తెల్లబోతాడో, టచ్ బేస్ దగ్గర మనవాళ్లూ అలాగే తెల్లబోతారు.

సరే, సర్కిల్ బ్యాక్ తీసేద్దాం. దాని స్థానంలో ఏం పెట్టాలి? పట్టిక అయితే "డిస్కస్ లేటర్" అంటుంది. తర్వాత మాట్లాడుకుందాం అని. చదివేవాడికి మాటలు అర్థమవుతాయి, కానీ పని ఇంకా తెలియదు. ఎవరు మొదలుపెట్టాలి? నేను ఫోన్ చెయ్యాలా, మీరు చేస్తారా? ఎప్పుడు? అప్పటిదాకా పని ఆపాలా, సాగించాలా? ఈ మూడింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. పాత మాటలోనూ లేదు, కొత్త మాటలోనూ లేదు.

రాసిన వ్యక్తి సర్కిల్ బ్యాక్ అన్నప్పుడు మనసులో ఉండగలిగే సంగతులు కనీసం మూడు. ఒకటి, నేను ఆలోచించి ఫలానా రోజు జవాబిస్తాను. రెండు, మీరు వివరాలు తెచ్చి నన్ను మళ్లీ అడగండి. మూడు, ఇది నాకు ఇష్టం లేదు, ఇక్కడితో వదిలేద్దాం. మూడోది మనకు కొత్త కాదు. పెళ్లి సంబంధం దగ్గరా, చందా అడిగినప్పుడూ, అప్పు అడిగినప్పుడూ "చూద్దాం లెండి" అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ "లెండి"లోనే జవాబు ఉంటుంది. గొంతులోనూ, ముఖంలోనూ మిగతాది ఉంటుంది. మెయిల్‌కు గొంతు లేదు. పైగా పరాయి భాషలో ఏ మాట మెత్తగా కాదంటోందో, ఏ మాట నిజంగానే వాయిదా వేస్తోందో పట్టుకోవడం చాలా ఏళ్లు ఆ మనుషుల మధ్య బతికితే తప్ప రాదు. అందుకని హైదరాబాద్ టీము ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. వచ్చే వారం పిలుస్తారని ఎదురుచూస్తుంది. ఆ పని కోసం ఒక మనిషిని పక్కన పెట్టి ఉంచుతుంది. అవతలి మేనేజరు దాన్ని ఏనాడో మరిచిపోయి ఉంటాడు.

కాబట్టి సర్కిల్ బ్యాక్‌కు ఒకే బదులు మాట ఉండదు. రాసేవాడు ముందు తన ఉద్దేశం ఆ మూడింటిలో ఏదో తేల్చుకోవాలి. మొదటిదైతే "ఐ విల్ రిప్లై ఆన్ ట్యూస్‌డే" అని రాయాలి. రెండోదైతే "ప్లీజ్ సెండ్ మి ద కాస్ట్ బై ట్యూస్‌డే, దెన్ ఐ విల్ డిసైడ్" అనాలి. మూడోదైతే "వి విల్ నాట్ డూ దిస్ నౌ. ప్లీజ్ స్టాప్ వర్క్ ఆన్ ఇట్" అని చెప్పాలి. ఈ మూడో వాక్యం రాయడం కష్టం. మాటలు దొరక్క కాదు, ముఖం మీద కాదనడం ఇష్టం లేక. జార్గన్ ఎక్కువగా బతికేది ఈ ఇబ్బంది మీదే అని నా నమ్మకం. తేలని నిర్ణయాన్ని, చెప్పలేని కాదును, మోయలేని బాధ్యతను అది కప్పి ఉంచుతుంది. అందుకే దాన్ని తీసెయ్యడం భాష పని కంటే ముందు నిర్ణయాల పని.

లెవరేజ్ కథ వేరు. మన మెయిల్‌లో దాని అర్థం వాడుకోవడం, అంతే. లెవరేజ్ ది ఎగ్జిస్టింగ్ కోడ్ అంటే ఉన్న కోడ్ వాడండి అని. "యూజ్" అని రాస్తే ఏమీ పోదు, ఎవరికీ సందేహం రాదు. ఇలాంటి చోట పట్టిక బాగానే పనిచేస్తుంది. యుటిలైజ్ కూడా ఇదే కోవలోది.

కానీ లెవరేజ్‌ను ప్రతిచోటా చెరిపెయ్యకూడదు. ఫైనాన్స్‌లో దానికి సొంత అర్థం ఉంది. ఒక కంపెనీ సొంత డబ్బుతో పోలిస్తే అప్పు ఎంత తెచ్చి వ్యాపారం నడుపుతోందో చెప్పే మాట అది. ఒక కంపెనీని చాలావరకు అప్పు సొమ్ముతో కొనేస్తే దాన్ని లెవరేజ్డ్ బైఅవుట్ అంటారు. బ్యాంకు ఉద్యోగులు, ఆడిటర్లు, షేర్ల విశ్లేషకులు ఈ మాటను ఇదే అర్థంలో వాడతారు, వాడాలి కూడా. దాన్ని "యూజ్" అని మారిస్తే అర్థమే చెడిపోతుంది. ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. ఫైనాన్స్ విభాగానికి వెళ్లే రిపోర్టులో ఎవరో సాఫ్ట్‌వేర్ మనిషి "వి ప్లాన్ టు లెవరేజ్ ద నోయిడా సెంటర్" అని రాశాడనుకోండి. ఆ సెంటర్‌ను బాగా వాడుకుందామని అతని భావం. చదివే అకౌంటెంటుకు మాత్రం దాన్ని తాకట్టు పెట్టి అప్పు తెస్తారేమో అన్న అనుమానం కలగవచ్చు. ఒకే మాట ఒకచోట వృత్తి పదం, ఇంకోచోట అలంకారం అయినప్పుడు వచ్చే ప్రమాదం ఇది.

వృత్తి పదానికీ జార్గన్‌కూ తేడా కనిపెట్టడానికి ఒక దారి ఉంది. ఆ మాట తీసి మామూలు మాట పెట్టండి. అర్థం చెక్కుచెదరకపోతే అది అక్కర్లేని మాట. కొంచెమైనా నష్టం జరిగితే అది వృత్తి పదం. అలాంటిదాన్ని ఉంచండి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో వివరించండి. డిప్లాయ్, డేటాబేస్, ఇన్‌వాయిస్ లాంటివి ఉంచాల్సినవే. సినర్జీ, అలైన్, మూవ్ ద నీడిల్ లాంటివాటికి ఆ కవచం లేదు. ముఖ్యంగా అలైన్ విత్ ఫైనాన్స్ అన్నప్పుడు ఫైనాన్స్ వాళ్లకు చెబితే చాలా, వాళ్ల అభిప్రాయం అడగాలా, వాళ్ల అనుమతి తీసుకోవాలా అన్నది తెలియదు. ఈ మూడూ వేర్వేరు పనులు. అనుమతి అవసరమైన చోట ఊరికే కబురు చెప్పి ముందుకు వెళ్లిన టీము తర్వాత చేసిన పనంతా వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది.

తేలిక ఇంగ్లీషు గురించి చెప్పే పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్ల కోసం రాసినవి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఖజానా శాఖ కోరిక మీద ఎర్నెస్ట్ గవర్స్ అనే అధికారి గుమాస్తాల కోసం ప్లెయిన్ వర్డ్స్ అనే పుస్తకం రాశాడు. అది 1948లో వచ్చింది. సర్కారు ఉత్తరాలు జనానికి అర్థం కావాలన్న ఆ తపన గొప్పది. ఆ పుస్తకం నుంచీ ఆ తోవలో వచ్చిన మిగతావాటి నుంచీ చాలామంది ఒంటపట్టించుకున్న సూత్రం ఒకటుంది. పొడుగు మాట వద్దు, పొట్టి మాట వాడు. లండన్‌లో చదివేవాడికి ఇది చక్కగా సరిపోతుంది. మచిలీపట్నంలో చదువుకున్నవాడికి, సావో పాలోలో చదువుకున్నవాడికి ఎప్పుడూ సరిపోదు.

పుట్ ఆఫ్, పోస్ట్‌పోన్ తీసుకోండి. పుట్ ఆఫ్ పొట్టిది, ఇంగ్లీషు ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసినది. మన దగ్గర పరీక్షలు వాయిదా పడితే "ఎగ్జామ్స్ పోస్ట్‌పోన్ అయ్యాయి" అంటాం. బడి మొహం ఎక్కువ చూడని వాళ్లకు కూడా ఆ మాట అర్థమవుతుంది. పుట్ ఆఫ్ అంటే మాత్రం డిగ్రీ చదివినవాళ్లూ ఆగుతారు. పుట్ తెలిసినా, ఆఫ్ తెలిసినా, పుట్ ఆఫ్, పుట్ అప్, పుట్ డౌన్, పుట్ అవుట్ వేటికవే వేరు. పుట్ అప్ విత్ అయితే భరించడం. మాట ఎంత పొట్టిగా ఉంటే అన్ని అర్థాలు దాని నెత్తిన ఉంటాయి. స్పానిష్, పోర్చుగీసు, ఫ్రెంచి మాట్లాడేవాళ్లకైతే లాటిన్ మూలంగా ఉన్న పొడుగు మాటలు సొంత భాషలోని మాటలకు దగ్గరగా వినిపిస్తాయి కాబట్టి అవే తేలిక.

1930లో చార్లెస్ ఆగ్డెన్ అనే ఆయన బేసిక్ ఇంగ్లీష్ పేరుతో 850 మాటలే ఉన్న భాషను తయారుచేశాడు. విదేశీయులు త్వరగా నేర్చుకోవాలని ఆయన ఆశ. క్రియలు 18 మాత్రమే ఉంచాడు. కమ్, గెట్, గివ్, గో, పుట్, టేక్ లాంటివి. లెక్కకు తక్కువే. కానీ మిగతా పనులన్నీ చెప్పాలంటే ఆ కొద్ది క్రియలకే అప్, ఆఫ్, ఇన్, అవుట్ తగిలించాలి. నేర్చుకునేవాడు ప్రతి జంటనూ కొత్త మాటలాగే బట్టీ పట్టాల్సి వచ్చింది. 850 అన్న లెక్క వెనక వేలకొద్దీ అర్థాలు దాక్కున్నాయి. ఆఫీసు ఇంగ్లీషును సులువు చేద్దామని కూర్చున్నవాళ్లు ఈ రోజుకూ ఇదే గోతిలో పడుతున్నారు. ఇంప్లిమెంట్ తీసి క్యారీ అవుట్ పెడతారు, ఇన్వెస్టిగేట్ తీసి లుక్ ఇంటూ పెడతారు. పొట్టి మాటలే, కానీ చదివేవాడికి కొత్త ముడి పడింది.

మనవాళ్ల కోసం రాసేటప్పుడు నేను వాడే కొలత ఒకటుంది. ఆ ఇంగ్లీషు మాట తెలుగు మాటల మధ్యలో దొర్లుతుందా? కన్ఫర్మ్, క్యాన్సిల్, అప్రూవ్, రిప్లై, చెక్, అడ్జస్ట్, రిజెక్ట్, లేట్, అర్జెంట్. ఇవి బస్టాండులో, బ్యాంకులో, ఆస్పత్రి కౌంటర్ దగ్గర రోజూ వినిపిస్తాయి. ఇలా తెలుగులో స్థిరపడిన మాట మెయిల్‌లో ఉంటే చదివేవాడు ఆగడు. సర్కిల్ బ్యాక్‌ను అలా తెలుగు వాక్యంలో వాడేవాళ్లు ఆఫీసు గేటు దాటితే కనిపించరు.

ఈ కొలతకూ హద్దుంది. స్థిరపడే క్రమంలో కొన్ని మాటల అర్థం మన దగ్గర మారింది. "సార్, నాకో డౌట్" అంటే మనకు ప్రశ్న ఉందని అర్థం. అదే "ఐ హ్యావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ డిజైన్" అని అమెరికాకు రాస్తే, మీ డిజైన్ మీద నాకు నమ్మకం లేదని అతనికి వినిపిస్తుంది. ప్రీపోన్ అన్నది భారతదేశం దాటితే చాలామందికి తెలియని మాట. రివర్ట్ మన ఆఫీసుల్లో జవాబివ్వడం. బయట చాలా చోట్ల పాత స్థితికి తిరిగి వెళ్లడం. సాఫ్ట్‌వేర్‌లో అయితే చేసిన మార్పును వెనక్కి తీసెయ్యడం. "ప్లీజ్ రివర్ట్" అని కోడ్ గురించి రాసిన మెయిల్ ఎంత పని పాడుచేయగలదో ఆలోచించండి. జవాబు అడిగితే అవతలివాడు వారం రోజుల కోడ్ తీసెయ్యవచ్చు. "ప్లీజ్ రిప్లై" అంటే ఈ భయం లేదు.

ఒకే మాటకు రెండర్థాలు ఉండటం మనుషుల ప్రాణాల మీదికి వచ్చే చోట ఈ విషయాన్ని ఎలా సర్దారో చూడటం మంచిది. విమానం మరమ్మతు చేసే మెకానిక్ ఏ దేశంలోనైనా ఉండవచ్చు. చేతిలో ఉండే మాన్యువల్ ఎక్కువగా ఇంగ్లీషే. 1970ల చివర్లో యూరప్ విమానయాన సంస్థలు ఈ మాన్యువళ్లు చదవడం కష్టంగా ఉందని తయారీదారుల ముందు పెట్టాయి. దాని ఫలితంగా సింప్లిఫైడ్ ఇంగ్లీష్ అనే నియమావళి తయారై 1986లో మొదటిసారి వెలువడింది. ఇప్పుడు దాని పేరు ఏఎస్‌డీ ఎస్‌టీఈ 100. అందులో అనుమతి ఉన్న సాధారణ పదాలు సుమారు 900. వాటికి తోడు యంత్రభాగాల పేర్ల లాంటి సాంకేతిక పదాలు ఎవరి రంగానికి తగ్గట్టు వాళ్లు చేర్చుకోవచ్చు.

దానిలోని ప్రాణం లాంటి నియమం, ఒక మాటకు ఒకే అర్థం. క్లోజ్ అంటే మూసెయ్యడం మాత్రమే. దగ్గర అనే అర్థంలో క్లోజ్ వాడకూడదు, నియర్ వాడాలి. "క్లోజ్ ద డోర్" అన్నా, "క్లోజ్ టు ద డోర్" అన్నా మనకు సందర్భం వల్ల తెలిసిపోతుంది అనుకుంటాం. రాత్రి రెండు గంటలకు, టార్చి వెలుతురులో, పరాయి భాషలో చదివే మెకానిక్ దగ్గర ఆ భరోసా పెట్టుకోలేం. ఫాలో అంటే వెనక రావడం మాత్రమే. సూచనలు పాటించడానికి ఒబే అనే మాట వాడాలి. పని ఎలా చెయ్యాలో చెప్పే వాక్యం 20 మాటలు దాటకూడదు. ఒకదాని తర్వాత ఒకటిగా మూడు నామవాచకాల కంటే ఎక్కువ పేర్చకూడదు.

ఆఫీసు మెయిల్‌కు ఇంత కట్టడి అక్కర్లేదు. అలా రాస్తే మనుషుల మధ్య ఉండాల్సిన చనువు పోతుంది. కానీ ఒక మాటకు ఒకే అర్థం అన్న నియమాన్ని మెయిల్‌కు తెచ్చుకోవచ్చు. దానికి ఇంకో పక్క కూడా ఉంది. ఒక వస్తువుకు ఒకే పేరు. మొదటి వాక్యంలో రిపోర్ట్స్ పేజ్ అని, రెండో వాక్యంలో డ్యాష్‌బోర్డ్ అని, మూడో దాంట్లో పోర్టల్ అని రాస్తే, మాట మాటిమాటికీ తిప్పి రాయడం అందమని బళ్లో నేర్చుకున్నవాడికి బాగానే ఉంటుంది. చదివేవాడు మూడు వేర్వేరు వస్తువులు ఉన్నాయనుకుని రెండు వెతకడం మొదలుపెడతాడు.

తేదీలూ సమయాలూ కూడా ఇదే తగువు తెస్తాయి. ఈఓడీ అంటే రోజు ముగిసేలోపు. ఎవరి రోజు? అక్టోబరులో న్యూయార్క్‌లో శుక్రవారం సాయంత్రం 5 గంటలంటే మనకు శనివారం తెల్లవారుజామున 2.30. మన శుక్రవారం సాయంత్రం 6 గంటలైతే అక్కడ ఉదయం 8.30. ఈ రెండింటి మధ్య ఎనిమిదిన్నర గంటల తేడా ఉంది, ఒక రాత్రి నిద్ర ఉంది. 10/11 అని రాస్తే అమెరికాలో అక్టోబర్ 11, మన దగ్గర నవంబర్ 10. నెల పేరు అక్షరాల్లో రాసి, ఏ దేశపు సమయమో చెబితే ఇదంతా పోతుంది.

ఇప్పుడు ఆ మెయిల్‌ను మళ్లీ రాద్దాం. మేనేజరు ముందు కూర్చుని తను చెప్పదలచుకున్నవి తేల్చుకున్నాడనుకోండి. అప్పుడు ఇలా వస్తుంది:

"హాయ్ టీమ్. రిపోర్ట్స్ పేజ్: ప్లీజ్ యూజ్ ద కోడ్ వి ఆల్‌రెడీ హ్యావ్. డూ ద డైలీ రిపోర్ట్ అండ్ ద మంత్లీ రిపోర్ట్ ఫస్ట్, బికాజ్ దే నీడ్ ఓన్లీ స్మాల్ ఛేంజెస్. సెండ్ ఫైనాన్స్ ద లిస్ట్ ఆఫ్ రిపోర్ట్స్ అండ్ ఆస్క్ ఫర్ దెయిర్ అప్రూవల్. ఐ నీడ్ దెయిర్ ఆన్సర్ బై ఫ్రైడే, 10 అక్టోబర్, 6 పీఎం ఇండియా టైమ్. పేమెంట్స్: ప్లీజ్ డూ నాట్ ఛేంజ్ ఎనీథింగ్ నౌ. ఐ యామ్ బిజీ దిస్ వీక్. ఐ విల్ కాల్ ద టీమ్ లీడ్ ఆన్ ట్యూస్‌డే, 14 అక్టోబర్, 7 పీఎం ఇండియా టైమ్, టు డిస్కస్ ఇట్."

మొదటి మెయిల్ కంటే ఇది పొడుగ్గా ఉంది. తేలిక భాష అంటే తక్కువ మాటలు అని ఆశించేవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. కానీ పాత మెయిల్‌లో లేని సంగతులు ఎన్ని వచ్చాయో చూడండి. లో హ్యాంగింగ్ ఫ్రూట్ అన్నది ఏ రెండు రిపోర్టులో తెలిసింది. అలైన్ అన్నది అనుమతి అని తేలింది. పేమెంట్స్ జోలికి ఎవరూ పోకూడదని తెలిసింది. సర్కిల్ బ్యాక్‌కు ఒక మనిషి, ఒక రోజు, ఒక గంట వచ్చాయి. "లెట్స్", "వి" అనే మాటలు చాలావరకు పోయాయి. అందరూ కలిసి చేద్దాం అని వినిపించే ఆ మాటల్లో చివరికి ఎవరూ చెయ్యకపోవడమే జరుగుతుంది. పాత మెయిల్ రాయడానికి అతనికి ఒక నిమిషం పట్టి ఉంటుంది. దీనికి పది నిమిషాలు పట్టవచ్చు. ఆ పది నిమిషాలు ఖర్చు కాకపోతే హైదరాబాద్‌లో ఎనిమిది మంది ఆ మెయిల్ అర్థం మీద తలా అరగంట పెడతారు.

ఇలా రాశాక కూడా అవతలివాళ్లకు అందిందో లేదో చూసుకోవాలి. "అర్థమైందా?" అని అడిగితే తెలిసేది ఏమీ లేదు. మన ఆఫీసుల్లో పెద్దవాళ్లు అడిగిన ఆ ప్రశ్నకు "అయింది సార్" అన్నదే జవాబు. కాలేదనడం అమర్యాద అనిపిస్తుంది, పైగా నలుగురిలో చిన్నతనం. జపాన్‌లోనూ ఇంచుమించు ఇదే తీరు. దాని బదులు, "ముందు ఏ పని మొదలుపెడతారో రెండు వాక్యాల్లో రాసి పంపండి" అని అడగాలి. మెకానిక్ అయినా, ఇంజనీరు అయినా, తను చెయ్యబోయేది రాసినప్పుడు తప్పు అక్కడే బయటపడుతుంది. "పేమెంట్స్ సర్వర్ ఆపుతున్నాం" అని వచ్చిందంటే ఎక్కడ తప్పు రాశామో వెంటనే తెలుస్తుంది, ఇంకా సర్వర్ ఆగకముందే.

మెయిల్ అందుకున్నవాళ్ల చేతిలోనూ ఒక ఉపాయం ఉంది. ఆఫ్‌లైన్ అంటే ఏమిటి అని అడగడానికి మొహమాటం ఉన్నచోట, మాట గురించి అడగకుండా పని గురించి రాయవచ్చు. "మై అండర్‌స్టాండింగ్: వి డూ నాట్ టచ్ పేమెంట్స్ నౌ. యు విల్ కాల్ అస్ ఆన్ ట్యూస్‌డే. ఇఫ్ దిస్ ఈజ్ రాంగ్, ప్లీజ్ టెల్ మి." దీనిలో నాకు ఇంగ్లీషు రాదన్న భావన ఎక్కడా లేదు. పని జాగ్రత్తగా చేసే మనిషి కనిపిస్తాడు. మంగళవారం అన్నది తన ఊహే అయినా ఫరవాలేదు. అది తప్పైతే మేనేజరు తేదీ దిద్దుతాడు. అతను ఇవ్వకుండా వదిలేసిన తేదీ ఆ దిద్దుబాటులో వచ్చేస్తుంది.

ఇంతసేపూ మెయిల్ అమెరికా నుంచి మనకు వస్తున్నట్టు చెప్పాను. ఇప్పుడు హైదరాబాద్, వైజాగ్, బెంగళూరు ఆఫీసుల నుంచి మనవాళ్లు రాసే ఇంగ్లీషు జర్మనీకీ, జపాన్‌కూ, బ్రెజిల్‌కూ వెళ్తోంది. అక్కడ చదివేవాళ్లకూ ఇంగ్లీషు పరాయిదే. పైగా అమెరికన్ ఆఫీసు భాషతో పాటు మన సర్కారీ ఉత్తరాల నుంచి వచ్చిన మాటలు కూడా అందులో కలుస్తున్నాయి. "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ ఎట్ ది ఎర్లియెస్ట్" అని రాస్తే మ్యూనిక్‌లో ఉన్న మనిషికి అందులో పని పేరు దొరకదు, తేదీ దొరకదు. మనకు అది వినయం. అతనికి ఖాళీ. సర్వర్ యాక్సెస్ కావాలనుకుంటే ఎవరికి కావాలో, ఏ సర్వర్‌కో, ఎప్పటిలోగానో రాసి పంపాలి: "ప్లీజ్ గివ్ అవర్ టూ న్యూ ఇంజనీర్స్ యాక్సెస్ టు ద టెస్ట్ సర్వర్ బై థర్స్‌డే, 9 అక్టోబర్. దెయిర్ నేమ్స్ ఆర్ బిలో." కింద ఆ ఇద్దరి పేర్లు, లాగిన్ ఐడీలు ఉండాలి.